కార్డు నంబరు అడగని కొట్టు

మొన్న కరీంనగర్‌లో మా పక్కింటి మాస్టారు మనవరాలి కోసం నిర్మల్ కొయ్యబొమ్మలు కొందామని ఫోను పట్టుకుని కూర్చున్నారు. పదవీ విరమణ చేసి పదేళ్ళయింది. ఆన్‌లైన్లో కొనడం ఆయనకు ఇదే మొదటిసారి. డబ్బు కట్టే పేజీ రాగానే జేబులోంచి డెబిట్ కార్డు తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. 'యూపీఐ' అన్నచోట నొక్కారు. కార్డు నంబరు అడగలేదు. ఆ పేజీ పక్కకు తప్పుకుంది. ఆయన బ్యాంకు యాప్ దానంతటదే తెరుచుకుంది. పైన కొట్టు పేరు, కింద రూ.1,240. పిన్ కొట్టమంది.

ఆయన ఫోను బల్లమీద పెట్టేసి మా ఇంటికి వచ్చారు. "గిదేంది సారూ! కార్డు ఇయ్యకుంటనే నా బ్యాంకు తలుపు ఎవడు తెరిచిండు?"

మంచి ప్రశ్నే. 2024 జులైలో ఉత్తర తెలంగాణలో చాలామందికి ఇలాంటి అనుభవమే ఎదురైంది. కరెంటు బిల్లును ఫోన్‌పే, గూగుల్‌పేల నుంచి నేరుగా కట్టడం కొన్నాళ్ళు ఆగిపోయింది. డిస్కం వెబ్‌సైటులోకో యాప్‌లోకో వెళ్ళి కట్టుకోమన్నారు. తీరా అక్కడికి వెళ్ళి యూపీఐ ఎంచుకుంటే మళ్ళీ మన ఫోన్లోని చెల్లింపు యాపే తెరుచుకునేది! భారత్ బిల్ పే ఏర్పాటులోకి డిస్కంలు చేరాక పాత వెసులుబాటు తిరిగొచ్చింది.

కొట్టువాడు పంపేది ఒక చీటీ

ఇంతకీ అక్కడ జరిగేదేమిటంటే, కొట్టువాడు మన బ్యాంకు తలుపు తెరవడు. మన ఫోనుకు ఒక చీటీ అందిస్తాడంతే. ఆ చీటీ ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=shop@bank&pn=Shop&am=1240.00&cu=INR&tr=A1047
```

ఇందులో pa అంటే డబ్బు చేరాల్సిన చిరునామా. pn పేరు. am మొత్తం. cu ఏ దేశపు డబ్బో చెబుతుంది. tr ఆ కొట్టువాడి ఆర్డరు గుర్తు. మొదట ఉన్న upi అన్న మాట చూడగానే ఫోను 'ఈ చీటీ చదవగలిగే యాప్‌లు నా దగ్గర ఏమున్నాయి' అని వెతుకుతుంది. రెండు మూడు ఉంటే ఏది కావాలో మనల్నే అడుగుతుంది. మాస్టారి ఫోన్లో ఒక్కటే ఉంది కాబట్టి అడగకుండా అదే తెరుచుకుంది.

చీటీలో మాస్టారి ఖాతా నంబరు ఎక్కడా లేదని గమనించండి. కార్డు నంబరూ లేదు. ఆయన ఖాతా ఏ బ్యాంకులో ఉందో కూడా చీటీ రాసినవాడికి తెలియనక్కర్లేదు. కార్డుతో కొన్నప్పుడు మన వివరాలు కొట్టువాడి పేజీలోకి వెళ్తాయి. ఇక్కడ వాడి వివరాలే మన దగ్గరికి వస్తాయి. తేడా అంతా అక్కడే ఉంది.

కంప్యూటర్లో కొంటే చీటీ ఫోనులోకి దూకలేదు. అందుకే తెరమీద క్యూఆర్ గళ్ళు చూపిస్తారు. ఆ గళ్ళలో ఉండేదీ ఇదే చీటీ.

పిన్ ఎవరికి తెలుస్తుంది?

మాస్టారి రెండో అనుమానం పిన్ గురించి. 2016లో యూపీఐని తెచ్చిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దీనికి ఒక కట్టుదిట్టం చేసింది. పిన్ కొట్టే ఆ చిన్న పేజీ యాప్ తయారుచేసినవారిది కాదు, కార్పొరేషన్ ఇచ్చినది. అంకెలు అక్కడే సంకేతంగా మారిపోయి ఖాతా ఉన్న బ్యాంకుకు చేరతాయి. సరైనవో కావో తేల్చేది ఆ బ్యాంకే. కొట్టువాడికి చివరికి తెలిసేది ఒక్కటే, డబ్బు వచ్చిందా లేదా అని.

మరి కార్డుతో అసలు పనే లేదా? ఒకసారి ఉంటుంది. మొదట యూపీఐ పిన్ పెట్టుకునేటప్పుడు డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ ఇవ్వాలి. లేదా ఆధార్‌తో పెట్టుకోవచ్చు. అదీ మన యాప్‌లోనే, ఏ కొట్టులోనూ కాదు.

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు 'పే బై బ్యాంక్' అనేది కూడా ఇలాంటిదే. అక్కడ కొట్టు పేజీలో ముందు మన బ్యాంకు పేరు ఎంచుకుంటారు. ఆ బ్యాంకు సొంత యాప్ తెరుచుకుంటుంది. వేలిముద్రో ముఖమో చూపి ఒప్పుకుంటే సరి.

తిరుగు ప్రయాణంలోనే తంటా

మాస్టారు ధైర్యం తెచ్చుకుని పిన్ కొట్టారు. యాప్‌లో పచ్చగుర్తు పడింది. మళ్ళీ కొట్టు పేజీకి వస్తే 'చెల్లింపు విఫలమైంది' అని ఉంది! "పైసలు పోయినయ్, బొమ్మలు రాలే. ఇంకోసారి కట్టాల్నా?" అన్నారు.

ఆగమన్నాను. ఆయన పిన్ కొట్టడానికి ముందు మా ఇంటికి వచ్చి, మాట్లాడి వెళ్ళేసరికి చాలా నిమిషాలు గడిచాయి. చీటీ కోసం కొట్టు పేజీ కొద్ది నిమిషాలే ఎదురుచూస్తుంది. ఆ గడువు దాటాక డబ్బు వెళ్ళినా అక్కడ ఆర్డరు అప్పటికే రద్దయి ఉంటుంది. ఇంకో కారణమూ ఉండొచ్చు. తక్కువ ధర ఫోన్లలో చెల్లింపు యాప్ తెరుచుకోగానే, చోటు చాలక వెనకున్న పేజీ మూతపడిపోతుంది. తిరిగొచ్చేసరికి అది ఏమీ తెలియనట్టు మొదటికి వస్తుంది. ఇలాంటప్పుడు కొట్టు తన బ్యాంకును అడిగి నిజం తెలుసుకున్నాక ఆర్డరును సరిచేస్తుంది. దానికి కాస్త సమయం పడుతుంది.

కాబట్టి నమ్మాల్సింది కొట్టు పేజీని కాదు, మన యాప్‌లోని లావాదేవీల చిట్టాను. మాస్టారి చిట్టా తెరిచాం. 'విజయవంతం' అని, కింద 12 అంకెల యూటీఆర్ నంబరు. దాన్ని కాగితంమీద రాసుకున్నాం. మళ్ళీ కట్టలేదు. మూడోరోజు పొద్దున రూ.1,240 ఖాతాలోకి తిరిగొచ్చింది. ఆ రోజే కట్టి ఉంటే ఈ మూడు రోజులూ రెండింతల డబ్బు ఇరుక్కుపోయేది.

దీనికి లెక్క ఉంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మన ఖాతాలో డబ్బు తగ్గి కొట్టుకు ఖాయమైన కబురు అందకపోతే, లావాదేవీ తరువాత 5 రోజుల్లోపు అది దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. రాకపోతే చిట్టాలోని ఆ లావాదేవీ దగ్గరే ఫిర్యాదు మీట ఉంటుంది. తరువాత బ్యాంకును అడగాలి. 30 రోజులైనా బ్యాంకు తేల్చకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. అన్నిచోట్లా అడిగేది ఆ 12 అంకెలే.

ఒక్క క్షణం చదవండి

ఈ పద్ధతిలో కార్డు నంబరు దొంగలకు దొరకదు, నిజమే. కానీ చీటీని దొంగ కూడా రాయగలడు. పేరున్న కొట్టులా కనిపించే నకిలీ పేజీ పెట్టి, pa దగ్గర తన చిరునామా వేస్తే చాలు. మన యాప్ నిజమైనదే తెరుచుకుంటుంది, పిన్ పేజీ కూడా నిజమైనదే. డబ్బు మాత్రం దొంగకు పోతుంది. మనమే ఒప్పుకుని పంపాం కనుక దాన్ని వెనక్కి రాబట్టడం కష్టం. అందుకే పిన్ పేజీలో కనిపించే పేరునూ మొత్తాన్నీ చదవాలి. బొమ్మల కొట్టులో కొంటుంటే ఎవరో మనిషి పేరు కనిపించిందా, వెనక్కి వచ్చేయండి. 'డబ్బు వాపసు ఇస్తాం, పిన్ కొట్టండి' అన్నా అంతే. పిన్ పంపడానికే తప్ప అందుకోవడానికి అక్కర్లేదు.

మాస్టారు మళ్ళీ ఆర్డరు పెట్టారు. ఈసారి పిన్ కొట్టేముందు కళ్ళజోడు సవరించుకుని, కొట్టు పేరు అక్షరం అక్షరం పైకి చదివారు. మనవరాలు నవ్వింది. ఆయన మాత్రం మొత్తం కూడా చదివాకే వేలు కదిపారు.