కిలో వెల

తెనాలి దగ్గర పల్లె నుండి సునీత చదువు కోసం జర్మనీలోని మాగ్డెబర్గ్ పట్టణానికి వెళ్లి ఏడు నెలలైంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుకు ఫీజు లేదు గాని, ఆరు నెలలకొకసారి సెమిస్టరు రుసుము కట్టాలి. గడువు తప్పితే పేరు కొట్టివేయవచ్చు. ఆ రుసుము 300 యూరోలు, చేతిలో ఉన్నది మూడు నెలల వ్యవధి.

వీసా నిబంధన ప్రకారం నాన్న ఎకరం పొలం తాకట్టు పెట్టి ముందుగానే జమచేసిన డబ్బు నుండి బ్యాంకు ఆమెకు నెలకు 992 యూరోలు విడుదల చేస్తుంది. గది అద్దె 430, ఆరోగ్య బీమా 145, ఫోను 17, ఇంటికి పంపే అప్పు వడ్డీ 150, రుసుముకు దాచవలసింది 100. ఇవన్నీ పోగా 150 మిగిలింది. సబ్బులూ పుస్తకాలూ తీసేస్తే తిండికి వారానికి 30 యూరోలే.

సునీత ఒక నోటుపుస్తకం తీసింది. ఇంటికి దగ్గరలోని పెద్ద దుకాణానికి వెళ్లి ఎర్ర పప్పు, అనగా మన మైసూరు పప్పు, ఉన్న అర దగ్గర నిలబడింది. ఎర్ర చీటీ అంటించిన 400 గ్రాముల పొట్లం 1.49 యూరోలు. పక్కనే చీటీ ఏమీ లేని 500 గ్రాముల పొట్లం 1.79. చెయ్యి చీటీ ఉన్నదాని మీదికే వెళ్లింది. అప్పుడు ధర కింద చిన్న అక్షరాలు కనిపించాయి. మొదటిది కిలో 3.73, రెండవది కిలో 3.58. అక్కడి చట్టం ప్రకారం దుకాణదారుడు పొట్లం ధరతోపాటు కిలో వెల కూడా చూపాలి. 2022 నుండి దానిని 100 గ్రాములకు లెక్కగట్టి చూపడం కూడా ఆగిపోయింది. కిలోకో లీటరుకో చెప్పాలి. కాబట్టి ఒక దుకాణపు పొట్లాన్ని మరొక దుకాణపు సంచితో పోల్చవచ్చు. ఎర్ర చీటీ మాత్రం తన పొట్లం పాత ధర సంగతే చెబుతుంది, పక్క పొట్లం సంగతి చెప్పదు.

మరునాడు టర్కీవారి దుకాణానికి ట్రాము ఎక్కింది. విద్యార్థి పాసు ఉంది గనుక చార్జీ లేదు. అక్కడ అదే పప్పు రెండున్నర కిలోల సంచి 6.25, అంటే కిలో 2.50. భారతీయుల దుకాణంలో కందిపప్పు కిలో 3.99. నెలకు మూడు కిలోల పప్పు తినే మనిషికి మొదటి దుకాణంలో 10.74 అయ్యేది, టర్కీ దుకాణంలో ఏడున్నరకే వస్తుంది. పైగా ఎర్ర పప్పు నానబెట్టకుండానే ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది, కుక్కరు అక్కర్లేదు. కందిపప్పు ఆదివారానికి మాత్రం ఉంచుకుంది. ఆదివారం అక్కడ దుకాణాలు మూసే ఉంటాయి, శనివారం మరచిపోతే ఉన్నదే తినాలి.

ఆ ఉత్సాహంలోనే ఉల్లిపాయల బస్తా కూడా మోసుకొచ్చింది. ఐదు కిలోలు 3.50. విడిగా కొంటే కిలో 1.19, బస్తాలో 70 సెంట్లే.

మూడు వారాల తరువాత ఫోనులో అమ్మతో అంది, "అమ్మా, ఉల్లిపాయలు మొలకలొచ్చాయే. కొన్ని మెత్తబడి వాసనొస్తున్నాయి."

"ఎక్కడ పెట్టావమ్మా?"

"కిటికీ కింద, సంచీతోనే. పక్కన బంగాళాదుంపలు."

"ఆ కిటికీ కిందే కదూ గది వేడిచేసే గొట్టాలున్నాయన్నావు?"

సునీత మాట్లాడలేదు.

"ఎన్ని పారేశావు?"

"రెండు కిలోలుంటాయి."

"అయితే తిన్నది మూడు కిలోలు. మూడున్నరను మూడుతో భాగించు."

సునీత భాగించింది. 1.17 వచ్చింది. విడిగా కొంటే 1.19! అంత బరువు మెట్లెక్కి మోసినందుకు కిలోకు రెండు సెంట్లు మిగిలాయి.

అమ్మ ఎనిమిదో తరగతి వరకే చదివింది గాని, ముప్ఫై ఏళ్లు సంతలో బేరమాడిన మనిషి. "బస్తా మంచిదేనే, ఒక్కదానివి తినలేవు. పక్క గదిలో ఎవరున్నారు?"

"గుంటూరు అక్క ఒకామె ఉంది."

"ఆమెతో సగం పంచుకో. ఉల్లిపాయలు చల్లగా, గాలి తగిలేచోట పరచు. దుంపలు వేరే చీకటిగా పెట్టు."

ఆ రాత్రి నోటుపుస్తకంలో దుకాణం, బరువు, కిలో వెల అన్న మూడు గడుల పక్కన నాలుగో గడి గీసింది. దాని తలమీద "పారేసినది" అని వ్రాసింది. రొట్టెల ఎదుట ఆ గడి చాలా వారాలు ఖాళీగానే ఉంది. ఆకుకూరల ఎదుట ఎప్పుడూ ఏదో ఒక అంకె పడేది, అందుకని కూర విడిగా, ఆ రోజుకు సరిపడా కొనసాగింది.

జూలైలో రుసుము కట్టింది. రసీదు ఫోటో తీసి అమ్మకు పంపితే అమ్మ రసీదు సంగతి వదిలేసి, "చిక్కిపోయావేమో, ఈ వారమన్నా గుడ్లు కొన్నావా?" అని అడిగింది.

"పది గుడ్ల అట్ట తెచ్చానమ్మా. అక్కా నేనూ సగం సగం."