లైటు ఆరిపోతే గాలి నిండినట్టేనా?

మొన్నామధ్య ఆమదాలవలస నుంచి విశాఖపట్నం కారులో బయల్దేరాం. నడుపుతున్నది నేనే. హైవే ఎక్కిన కాసేపటికి ఎదురుగా పసుపురంగు లైటు వెలిగింది. గుర్రపు నాడాలాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. పక్కనున్న మా మరిది ఏదో బటన్ నొక్కాడు. లైటు ఆరిపోయింది. "ఏం లేదు, పోనీ వదినా" అన్నాడు. పోనిచ్చాను.

తగరపువలసలో టీకి దిగినప్పుడు వెనక ఎడమ టైరు అణిగినట్టు కనిపించింది. పంక్చర్ షాపులో చూపిస్తే, 33 పాయింట్లుండాల్సిన గాలి 20 ఉంది. మేకు దిగింది. "లైటు ఆర్పేస్తే మేకు ఊడిపోద్దా అమ్మా?" అని నవ్వాడు షాపతను.

ఆ నవ్వు గుచ్చుకుని, విషయం తెలుసుకున్నాను. మా కారులో ఉన్నది ఇండైరెక్ట్ పద్ధతి. అది గాలిని కొలవనే కొలవదు! ఏబీఎస్ బ్రేకుల కోసం చక్రాల దగ్గర పెట్టిన సెన్సర్లతో, ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తుంది. గాలి తగ్గిన టైరు కాస్త అణిగి చిన్నదవుతుంది. అంతే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. కిలోమీటరుకు సుమారు 520 చుట్లు తిరిగే చక్రం మరో రెండు మూడు ఎక్కువ తిరిగితే చాలు, అది పసిగడుతుంది.

మరి బటన్ నొక్కితే ఏమైంది? "ఇప్పుడున్నదే సరైన గాలి" అని మనమే దానికి చెప్పినట్టయింది. అప్పటికి గాలి 25కు పడిపోయి ఉంటుంది. అదే లెక్క అనుకుని, మరో అయిదు పాయింట్లు పోయినా నోరు మెదపలేదు. ఇంకో లోపమూ ఉంది. నెలల తరబడి నాలుగు టైర్లలోనూ ఒకేలా గాలి తగ్గితే, చక్రాల మధ్య తేడా ఉండదు. తేడా మాత్రమే చూసే రకాలు దాన్ని కనిపెట్టలేవు.

రెండోది డైరెక్ట్ పద్ధతి. దీనిలో ప్రతి చక్రం లోపల, సాధారణంగా వాల్వుకే, చిన్న సెన్సర్ ఉంటుంది. గాలి ఒత్తిడిని తానే కొలిచి రేడియో ద్వారా కారుకు చెబుతుంది. నాలుగూ కలిసి తగ్గినా తెలుస్తుంది. చాలా కార్లలో ఏ టైరులో ఎంతుందో అంకెల్లోనే కనిపిస్తుంది. అయితే లోపలి బ్యాటరీ అయిదు నుంచి పదేళ్లే వస్తుంది. అయిపోతే చాలావాటికి సెన్సరే మార్చాలి. టైరు విప్పేటప్పుడు మొరటుగా లాగితే విరుగుతుంది కూడా. అందుకే పంక్చర్ షాపులో ముందే "లోపల సెన్సరుంది బాబూ" అని చెప్పాలి.

కారు కొనేటప్పుడు రంగు, సీట్లు మనల్ని అడుగుతారు, టైర్ల సంగతి మగవాళ్లతో మాట్లాడతారు. ఈసారి మనమే అడుగుదాం, ఇది ఏ పద్ధతి అని. ఏదైనా సరే, నెలకోసారి టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజితో గాలి చూపించుకోవాల్సిందే. ఆ బటన్ మాత్రం నాలుగు టైర్లలో గాలి సరిచేయించాకే నొక్కాలి. మా కారులో ఇప్పుడు ఆ బటన్ మీద చెయ్యి వేసేది నేనొక్కదాన్నే!