లేత గులాబీ గీత

గర్భ పరీక్ష కిట్‌ను కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూస్తోంది ఆ అమ్మాయి. ‘సి’ దగ్గర గీత ముదురుగా ఉంది. ‘టి’ దగ్గర మాత్రం ఉన్నట్టూ, లేనట్టూ ఉంది. ఎవరినైనా అడగాలంటే బెరుకు.

ఆ గీతకు రంగునిచ్చేది హెచ్‌సీజీ అనే హార్మోన్. మామూలుగా పిండం గర్భసంచి గోడను అంటుకున్నాక అది తయారవుతుంది. పట్టీలోని రంగు రేణువులను వెంటబెట్టుకుని వెళ్లి, ‘టి’ దగ్గర చిక్కుకుంటుంది. హార్మోన్ కొద్దిగా ఉంటే చేరే రంగూ కొద్దిగానే. ‘సి’ గీతకు హార్మోన్‌తో పనిలేదు. కిట్ సరిగా పనిచేసిందని మాత్రమే అది చెబుతుంది. కాబట్టి ‘టి’ గీత ‘సి’ అంత ముదురుగా లేదని దిగులుపడక్కర్లేదు. ఐదు నిమిషాల్లోపే, లేతగానైనా గులాబీ రంగు కనిపిస్తే అది గర్భమనే అనుకోవచ్చు. సంతాన చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవారికి మాత్రం ఆ మందే రెండు వారాల దాకా గీత చూపించవచ్చు.

బూడిద రంగు నీడ సంగతి వేరు. మూత్రం ఆరిపోయాక మిగిలే జాడ అది. పొద్దున పారేసిన కిట్‌ను సాయంత్రం చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించేది చాలాసార్లు అదే. పది నిమిషాలు దాటాక చూసినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఈ అమ్మాయి నెల తప్పిన రోజే, మధ్యాహ్నం, రెండు గ్లాసుల నీళ్లు తాగాక పరీక్ష చేసుకుంది. పలచబడిన మూత్రంలో గీత లేతగా రావడం సహజం. చాలా కిట్లు మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల దగ్గర హార్మోన్‌ను పట్టుకుంటాయి. తొలివారాల్లో అది రెండు మూడు రోజులకు రెట్టింపవుతుంది. ఈ రోజు 30 ఉంటే నాలుగైదు రోజులకు వంద చేరువవుతుంది. అందుకే ఆమె చేయాల్సింది రెండు రోజులు ఆగి, పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో, అదే రకం కొత్త కిట్‌తో చూసుకోవడం. ఆశా కార్యకర్తను అడిగితే కిట్ ఉచితంగానే దొరుకుతుంది. అప్పటికీ తేలకపోతే రక్తంలో బీటా హెచ్‌సీజీ పరీక్ష, 48 గంటల తేడాతో రెండుసార్లు, ఒకే ల్యాబులో చేయించుకోవాలి. ఈలోగా నెలసరి తెప్పించే మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకోకూడదు. బిడ్డ కావాలనుకుంటే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టవచ్చు.

కొందరికి ఆ గీత చెరిగిపోయి, నాలుగు రోజుల ఆలస్యంగా నెలసరి వచ్చేస్తుంది. బొప్పాయి తిన్నందుకో, బిందె మోసినందుకో కాదు, ఎక్కువసార్లు ఆ పిండం క్రోమోజోముల్లోని లోపం వల్లే. ఆమెను ఎవరూ తప్పుపట్టకండి.

గీత లేతగానే నిలిచిపోయి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, ఎరుపు కనిపించడం, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు. అప్పుడు మళ్లీ కిట్ కొనే పని పెట్టుకోవద్దు, ఆ రాత్రే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.