శూన్యం కాదు, ఎగవేత: యంత్ర నిర్ణయాలు, బాధ్యతా ప్రశ్న

యంత్రం తీసుకొన్న నిర్ణయం వల్ల ఒకరికి హాని కలిగితే దానికి బాధ్యులెవరు అన్న ప్రశ్న సాంకేతికతా తత్త్వశాస్త్రంలో రెండు దశాబ్దాలుగా చర్చలో ఉన్నది. ఆంద్రియాస్ మత్థియాస్ 2004లో ప్రచురించిన వ్యాసంతో ఈ సమస్యకు 'రెస్పాన్సిబిలిటీ గ్యాప్' అన్న పేరు స్థిరపడింది. దీనికి తెలుగులో 'బాధ్యతా శూన్యం' అన్న అనువాదం సులువుగా తోస్తుంది. ఆ అనువాదాన్ని మనం అంగీకరించరాదన్నది ఈ వ్యాసం వాదన. ఇది కేవలం పారిభాషిక పద నిర్మాణానికి చెందిన పేచీ కాదు. శూన్యం అనగానే అక్కడ ఎవరూ లేరని, ఎవరూ లేకపోవడం ఆ స్థితికి సహజమని అర్థం వస్తుంది. మన ప్రాంతంలో యంత్రాలు పేదల విషయంలో ఇస్తున్న నిర్ణయాలను పరిశీలిస్తే అక్కడ మనుషులు ఉన్నారు, వారి నిర్ణయాలూ ఉన్నాయి. లేనిది వారిని నిలదీసే మార్గం మాత్రమే.

ముందుగా మత్థియాస్ వాదాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. ఒక పనికి ఒకరిని బాధ్యులను చేయాలంటే ఆ పనిపై వారికి తగినంత అదుపు, దాని ఫలితం గురించి తగినంత ఎరుక ఉండాలి. సాధారణ యంత్రం విషయంలో తయారీదారుకో, నడిపేవారికో ఈ రెండూ ఉంటాయి. తన అనుభవం నుంచి తానే నేర్చుకొని ప్రవర్తనను మార్చుకొనే యంత్రం వచ్చినప్పుడు అది రేపు ఏమి చేస్తుందో తయారీదారు ముందుగా చెప్పలేడు, నడిపేవాడు అదుపు చేయలేడు. యంత్రాన్ని శిక్షించడంలో అర్థం లేదు. కాబట్టి పాత పద్ధతిలో బాధ్యతను ఆరోపించడానికి ఎవరూ మిగలరు. రాబర్ట్ స్పారో 2007లో ఇదే తర్కాన్ని స్వయంచాలిత ఆయుధాలకు అన్వయించాడు. ఈ వాదానికి ఆధారం ఒక్కటే: యంత్రం నేర్చుకొంటుంది, అందువల్ల ఊహకు అందదు. ఆ ఆధారం లేని చోటకు ఈ వాదాన్ని తీసుకుపోవడం తార్కిక దోషం. తెలుగు నేలపై ఇప్పుడు జరుగుతున్న దోషం అదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరువాత సంక్షేమ పథకాల అర్హతను నిర్ణయించడానికి ఆరు అంచెల పరిశీలన అన్న పద్ధతి అమలులోకి వచ్చింది. భూమి, నాలుగు చక్రాల వాహనం, విద్యుత్ వినియోగం, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణంలో స్థిరాస్తి అన్న ఆరు విషయాలలో ఆయా శాఖల దత్తాంశాన్ని ఆధార్ సంఖ్య ద్వారా కుటుంబంతో జతపరుస్తారు. ఏ ఒక్క అంచెలో హద్దు దాటినా కుటుంబం అనర్హమవుతుంది. విద్యుత్తు విషయంలో ఆ హద్దు నెలకు సగటున 300 యూనిట్లు. ఇందులో నేర్చుకొనే యంత్రం ఏదీ లేదు. ఉన్నది ఒక సంఖ్యను మరొక సంఖ్యతో పోల్చే పని. అది రేపు ఏమి చేస్తుందో చదువు వచ్చిన ఎవరైనా ఈరోజే చెప్పగలరు.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. విజయవాడ, ఏలూరు నగరాల నడుమ జాతీయ రహదారిపై, నూజివీడు, గుడివాడ దారులు వచ్చి కలిసే చోట హనుమాన్ జంక్షన్ ఉన్నది. చుట్టుపక్కల గ్రామాలనుంచి పనికోసం వచ్చినవారు ఇటువంటి కూడలి ఊళ్లలో చిన్న చిన్న పోర్షన్లు అద్దెకు తీసుకొంటారు. అక్కడ ఒక వితంతువుకు భర్త వదిలిపోయిన మూడు పోర్షన్ల పెంకుటిల్లు ఉన్నదనుకొందాం. ఒకదానిలో ఆమె ఉంటుంది, రెండింటిని స్వల్ప అద్దెకు ఇచ్చింది. ఇంటికంతటికీ విద్యుత్ సర్వీసు ఒక్కటే. అద్దెకున్నవారి లెక్క తేల్చుకోవడానికి లోపల సొంతంగా సబ్ మీటర్లు పెట్టుకొన్నారు. ఆమె వాడేది నెలకు 70 యూనిట్లు, రెండవ పోర్షన్‌వారు 130, మూడవవారు 120. మొత్తం 320. సర్వీసు నంబరు ఆమె ఆధార్‌తో జతపడి ఉన్నది కనుక 320 యూనిట్లూ ఆమెవే అవుతాయి. ఆమె పింఛను నిలిచిపోతుంది.

ఈ ఉదాహరణలో తప్పు ఎక్కడ జరిగిందో వెదకండి. మీటరు రీడింగు సరిగానే ఉన్నది. ఆధార్ అనుసంధానం సరిగానే ఉన్నది. 320 అన్నది 300 కన్న ఎక్కువే. నిబంధనను కంప్యూటరు అక్షరాలా అమలుచేసింది. ప్రతి అంచె సరైనదే, ఫలితం మాత్రం అన్యాయం. దత్తాంశంలో లోపమని, సాఫ్ట్‌వేరులో పొరపాటని చెప్పడానికి ఇక్కడ వీలు లేదు. లోపమంతా 'విద్యుత్ వాడకం సంపదకు గుర్తు' అన్న భావనలోనూ, ఒక మీటరు అంటే ఒక కుటుంబం అన్న ఊహలోనూ ఉన్నది. ఒక మీటరు వెనుక ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో ఆ పట్టికలో గడి లేదు. గడి పెట్టకపోవడం యంత్రం చేసిన పని కాదు. ఇళ్లు ఎలా ఉంటాయో తెలిసినవారు, తెలుసుకోగలవారు కూర్చొని చేసిన నిర్ణయం అది. మత్థియాస్ కోరిన ఎరుక, అదుపు రెండూ అక్కడ నిండుగా ఉన్నాయి.

అయినా ఆమె అడిగితే సమాధానం చెప్పేవారు దొరకరు. సచివాలయంలోని ఉద్యోగి తెరపై కనిపించేది చదివి చెబుతాడు. విద్యుత్ శాఖ తన రీడింగు సరైనదంటుంది, అది నిజం. పథకాన్ని నడిపే శాఖ తాను ఉత్తర్వును అమలుచేశానంటుంది, అదీ నిజం. హెలెన్ నిస్సెన్‌బామ్ 1996లోనే, అంటే నేర్చుకొనే యంత్రాల చర్చకు ముందే, కంప్యూటర్ల సమాజంలో జవాబుదారీతనం ఎలా సన్నగిల్లుతుందో వివరించింది. పని అనేక చేతులలో చీలిపోవడం, లోపాలను సహజమని సరిపెట్టుకోవడం, నెపాన్ని కంప్యూటరుపై వేయడం, యాజమాన్యం ఉంచుకొని పూచీని వదులుకోవడం అన్న నాలుగింటిని ఆమె అడ్డంకులుగా గుర్తించింది. మన ఉదాహరణకు సరిపోయే సిద్ధాంతం ఇది. బాధ్యత ఇక్కడ మాయం కాలేదు. ఎవరి చేతికీ మొత్తంగా చిక్కకుండా పంచబడింది.

ఈ పంపకంలో దెబ్బ తగిలేది అందరికన్న తక్కువ అధికారం ఉన్న ఉద్యోగికి. ప్రమాదంలో లోపలివారిని కాపాడడానికి కారు ముందుభాగం నలిగిపోయేలా నిర్మిస్తారు. స్వయంచాలిత వ్యవస్థలలో యంత్రానికి దగ్గరగా ఉన్న మనిషి ఇలాగే నలిగి వ్యవస్థను కాపాడుతాడని మెడలీన్ క్లేర్ ఎలిష్ వాదించింది. నిర్ణయాన్ని మార్చే మీట లేని కుర్చీలో కూర్చొని తిట్లు తినే సచివాలయ ఉద్యోగి అటువంటివాడే. ఎగవేత అన్న మాటను నేను అతనిపై ప్రయోగించడం లేదు. అప్పు తీసుకొన్నవాడే ఎగవేతదారు అవుతాడు. అధికారం తీసుకొని జవాబును కింది కుర్చీకి వదిలినవారికే ఆ మాట చెల్లుతుంది.

నిజంగా సంక్లిష్టమైన యంత్రం ఉన్న చోట సంగతి వేరు కదా అని అడగవచ్చు. తెలంగాణలోని 'సమగ్ర వేదిక' అటువంటిది. వివిధ శాఖల దత్తాంశంలోని పేర్లు, చిరునామాల పోలికనుబట్టి రెండు చోట్ల ఉన్నది ఒకే వ్యక్తి అని అది అంచనా వేస్తుంది. రిక్షా తొక్కి బ్రతికిన ఒక హైదరాబాదు వాసిని, దాదాపు అదే పేరున్న కారు యజమానిగా అది జమకట్టడంతో ఆ కుటుంబానికి ఆహారభద్రతా కార్డు దక్కలేదని 2024లో పత్రికలు వెల్లడించాయి. 2016 నుంచి ఆ రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఇక్కడ యంత్రం అంచనా వేసిన మాట నిజమే. కాని ఎంత పోలిక ఉంటే ఇద్దరినీ ఒకరుగా భావించాలన్న హద్దును పెట్టినవారు మనుషులు. అంచనాను తుది నిర్ణయంగా స్వీకరించి, ఇంటికి వెళ్లి చూడకుండానే కార్డు తీసివేయవచ్చునని అనుకొన్నవారూ మనుషులే. న్యాయస్థానం ఆదేశం కోరింది కొత్త తత్త్వాన్ని కాదు, గడప దాకా వెళ్లే ఒక మనిషిని.

దీనికి బలమైన ప్రత్యుత్తరం ఒకటి ఉన్నది. యంత్రానికి ముందు మన గ్రామాలలో ఉన్నది న్యాయమా? 1984లో రద్దయ్యేదాకా కరణం వ్రాతకు తిరుగులేదు. కులం, పలుకుబడి ఆ కలాన్ని నడిపేవి. 300 యూనిట్ల హద్దుకు కనీసం ముఖం చూసి బొట్టు పెట్టే గుణం లేదు. ఈ వాదాన్ని తేలికగా తీసివేయరాదు. కరణీకాన్ని తిరిగి కోరుకొనేవారు ఆ లెక్కలకింద నలిగినవారిని మరచినవారే. కాని కరణం లెక్కకు ఒక చేవ్రాలు ఉండేది. అన్యాయం చేసినవాడెవరో ఊరికి తెలుసు, జమాబందిలో ఆ లెక్కను పై అధికారి తనిఖీ చేసేవాడు. పక్షపాతాన్ని తీసివేయడానికి చేవ్రాలును కూడా తీసివేయాలన్న నియమం ఏదీ లేదు. మనం రెండింటినీ ఒకే వేటుతో తీసివేసి, రెండవదాని లోటును యంత్ర స్వభావమని చెప్పుకొంటున్నాం.

ఇక్కడ తెలుగులోని రెండు మాటల భేదం తత్త్వశాస్త్రానికి ఉపయోగపడుతుంది. 'బాధ్యుడు' కట్టుబడవలసినవాడు; ఆ మాట త్వరగా దోషం వైపు, శిక్ష వైపు జరుగుతుంది. 'జవాబుదారు' జవాబు చెప్పవలసినవాడు. అనేక చేతులు కలిసిన పనిలో దోషి ఒక్కడే దొరకకపోవచ్చు. జవాబుదారును మాత్రం దొరకవలసిన అవసరం లేదు, ముందుగానే నియమించవచ్చు. దోషి దొరకలేదన్న నిజంనుంచి జవాబుదారు ఉండడు అన్న నిర్ణయానికి దూకడమే 'శూన్య' వాదంలోని మోసం.

నియామకం అంటే ఏమిటో స్పష్టంగా చెప్పవచ్చు. పింఛను నిలిపే ప్రతి ఉత్తర్వుమీదా ఒక అధికారి పేరు ఉండాలి. 'విద్యుత్' అన్న ఒక్క మాట కాక ఏ సర్వీసు, ఎన్ని యూనిట్లు, ఏ నెలలు అన్నది పూర్తి వాక్యంలో ఉండాలి. నిలిపిన తరువాత కాక ముందే ఆమె మాట వినాలి. ఇల్లు చూసి వచ్చిన స్థానికోద్యోగికి కారణం వ్రాసి యంత్రం మాటను పక్కన పెట్టే అధికారం ఉండాలి. అతడు వ్రాసిన కారణాలు నిబంధన చేసినవారి బల్లమీదికి చేరాలి. అప్పుడే పట్టికలో ఏ గడి లేదో వారికి తెలుస్తుంది.

భాషాధ్యయనం చేసేవారికి ఇందులో తమదైన పని ఉన్నది. నిర్ణయాలను మనం చెప్పే తీరు చూడండి: 'పేరు ఎగిరిపోయింది', 'కార్డు రద్దయింది', 'సిస్టమ్ తీసుకోవడం లేదు'. మొదటి రెండూ అకర్మక వాక్యాలు, కర్మయే కర్త స్థానంలో కూర్చున్నది. మూడవదానిలో కర్త యంత్రం. 'రద్దు చేశారు' అని దిద్దినా చాలదు. తెలుగు క్రియ ఆ 'వారు' ఎవరో చెప్పకుండానే వాక్యాన్ని పూర్తిచేయనిస్తుంది. వ్యాకరణం ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని పరిపాలన తన రక్షణగా వాడుకొంటున్నది. దానికి 'శూన్యం' అన్న శాస్త్రీయ నామం కూడా మనమే అందించడం తగదు. పారిభాషిక పదకోశంలో 'బాధ్యతా ఎగవేత' అని వ్రాద్దాం. ఎగవేత అనగానే ఎగవేసినదెవరు అన్న ప్రశ్న తప్పక వస్తుంది. శూన్యం అంటే ఆ ప్రశ్న రాదు.