ప్రైవేటా, పబ్లికా: ఒక జిన్నింగ్ మిల్లు ముందున్న ప్రశ్న

మానవపాడు మండలంలో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల బావ కలిసి ఒక పత్తి జిన్నింగ్ మిల్లు నడుపుతున్నారనుకుందాం. అది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. చెల్లించిన మూలధనం 3 కోట్లు. అన్నకు 40 శాతం, తమ్ముడికి 40, బావకు 20. కొత్త యంత్రాలకూ గోదాముకూ డబ్బు కావాలి. కంపెనీని పబ్లిక్ లిమిటెడ్ చేస్తే పేరు పెరుగుతుంది, పెట్టుబడి వస్తుంది అని ఒకరు చెప్పారు. ఉన్నదాన్ని కదిపితే తలనొప్పులేనని ఇంకొకరు చెప్పారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఎవరి నిజం ఎంత అన్నది మిల్లు లెక్కల్ని బట్టి మారుతుంది.

మార్పు అంటే నిజానికి ఆర్టికల్స్‌లో ఉన్న మూడు నిబంధనల సంగతి. వాటాల బదిలీ మీద ఆంక్ష, సభ్యులు 200 మందికి మించరాదన్న హద్దు, వాటాలు కొనమని జనాన్ని పిలవరాదన్న నిషేధం. 2013 కంపెనీల చట్టంలో ఈ మూడూ ఉంటేనే ప్రైవేట్ కంపెనీ. వాటిని తీసేస్తూ వాటాదారుల సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేయాలి, అంటే వ్యతిరేకంగా పడిన ఓట్లకు కనీసం మూడు రెట్ల ఓట్లు అనుకూలంగా పడాలి. 14వ సెక్షన్ ప్రకారం ఆర్టికల్స్ మారిన నాటి నుంచే కంపెనీ ప్రైవేటు హోదా కోల్పోతుంది. ఆ తర్వాత తీర్మానం ప్రతిని MGT-14 ఫారంతో, మార్పు దరఖాస్తును INC-27 ఫారంతో హైదరాబాదులోని రిజిస్ట్రార్‌కు పంపాలి. సభ్యులు కనీసం ఏడుగురు, డైరెక్టర్లు కనీసం ముగ్గురు ఉండాలి. ఇంతకుమించి ఏ పైఅధికారి అనుమతీ అక్కర్లేదు. ఈ సులువే కొందరిని తొందరపెడుతుంది.

ఒక అపోహ తొలగించుకోవాలి. పబ్లిక్ కంపెనీ అయినంత మాత్రాన షేర్ మార్కెట్లో చేరినట్టు కాదు. మార్కెట్లో నమోదు కాని పబ్లిక్ కంపెనీలు దేశంలో ఎన్నో ఉన్నాయి. అయినా ఆ మెట్టెక్కాలంటే ముందు ఈ మెట్టెక్కక తప్పదు. 1984లో ప్రైవేటు కంపెనీగా మొదలైన డాక్టర్ రెడ్డీస్ మరుసటి ఏడాదే పబ్లిక్ కంపెనీగా మారి, 1986లో వాటాలు అమ్మింది. పత్తి విత్తనాల వ్యాపారంతో మన ప్రాంతానికి పరిచయమున్న రంగంలోనే కావేరీ సీడ్ కంపెనీ 1986లో ప్రైవేటుగా నమోదై, 2007లో పబ్లిక్ ఇష్యూకి వచ్చింది. ఆ రెంటికీ బయటి పెట్టుబడిని పిలిచే కారణం ఉంది, ఆ పెట్టుబడిని పనికిపెట్టే విస్తరణ ఉంది. కారణం ఉన్నచోట ఈ మార్పు అర్థవంతం. లాభం అక్కడితో ఆగదు. పబ్లిక్ కంపెనీలో వాటాలు స్వేచ్ఛగా చేతులు మారవచ్చు కాబట్టి, బావకు రేపు డబ్బు అవసరమైతే తన 20 శాతాన్ని బయటివాళ్లకు అమ్ముకోవచ్చు, డైరెక్టర్లు తగిన కారణం లేకుండా ఆపలేరు. ప్రైవేటులో ఆయన బావమరుదుల దయ మీద ఆధారపడాలి.

ఇప్పుడు రెండో పక్క. తమ్ముడి అక్క, అంటే బావ భార్య, మిల్లుకు 40 లక్షలు అప్పుగా ఇచ్చిందనుకుందాం. ప్రైవేట్ కంపెనీ తన డైరెక్టరు బంధువు దగ్గర, ఆ డబ్బు తాను వేరేచోట అప్పు తెచ్చింది కాదన్న రాతపూర్వక ప్రకటనతో తీసుకున్న సొమ్మును నిబంధనలు డిపాజిట్‌గా చూడవు. ఈ సడలింపు ప్రైవేటు కంపెనీకే. పబ్లిక్‌గా మారాక ఇలా బంధువుల దగ్గర కొత్తగా తీసుకుంటే అది డిపాజిట్టే. జనం నుంచి డిపాజిట్లు తీసుకునే అర్హత 100 కోట్ల నికర విలువో 500 కోట్ల టర్నోవరో ఉన్న కంపెనీలకే ఉంది. ఇంటి సొమ్ముతో సీజన్ దాటే అలవాటున్న మిల్లుకు ఇదొక పెద్ద తెగతెంపు. పాత బాకీని మార్పుకు ముందే తీర్చేయడమో, వాటాలుగా మార్చుకోవడమో వివేకం. ఇంకో చిత్రం: చట్టం చెప్పే బంధువుల జాబితాలో అక్క ఉంది, అక్క భర్త లేడు. బావ డైరెక్టరు కాకపోతే ఆయన అప్పు ప్రైవేటు కంపెనీలో కూడా ఈ దారిన మినహాయింపు పొందదు, సభ్యుల డిపాజిట్ల నిబంధనల కింద చూసుకోవాలి.

రెండో బరువు టర్నోవర్ నుంచి వస్తుంది. నమోదు కాని పబ్లిక్ కంపెనీ మూలధనం 10 కోట్లకు చేరినా, టర్నోవర్ 100 కోట్లకు చేరినా, అప్పులు 50 కోట్లు దాటినా కనీసం ఇద్దరు స్వతంత్ర డైరెక్టర్లు, ఆడిట్ కమిటీ, నామినేషన్ కమిటీ పెట్టుకోవాలి. పెద్ద కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసిన కొలత ఇది. కానీ పత్తి లాంటి సరుకులో టర్నోవర్ పెద్దది, మిగులు చిన్నది. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ఆ లెక్కన సుమారు 1,33,000 క్వింటాళ్ల పత్తి కొన్న మిల్లుకు కొనుగోలు విలువే 100 కోట్లు. దూది, గింజ అమ్మకం విలువతో చూస్తే అంతకంటే తక్కువ సరుకుతోనే గీత దాటుతుంది. 3 కోట్ల మూలధనం గల మిల్లు కూడా మంచి సీజన్‌లో ఈ గీత దాటవచ్చు. అదే మిల్లు ప్రైవేటుగా ఉంటే ఆ బాధ్యత రాదు. స్వతంత్ర డైరెక్టర్ల వల్ల ఇంటి గొడవల మధ్య ఒక పెద్దమనిషి మాట వినిపిస్తుందని అనేవాళ్ల వాదనను తీసిపారేయలేం. కానీ మనసులేని నియామకం సంతకాలకే పరిమితమవుతుందన్నదీ అందరూ చూస్తున్నదే.

ఏడుగురు సభ్యుల సంగతి కూడా తేలిక కాదు. సంఖ్య నింపడానికి ఇంట్లోవాళ్ల పేరున తలా కొన్ని వాటాలు రాస్తారు. తర్వాత వాటాలు ఒకరి నుంచి ఒకరికి మారి సభ్యులు ఆరుగురికి తగ్గి, అలాగే ఆరు నెలలకు పైగా వ్యాపారం సాగితే, ఆ సంగతి తెలిసీ కొనసాగిన సభ్యులు ఆరు నెలల తర్వాత చేసిన అప్పులకు వ్యక్తిగతంగా బాధ్యులవుతారు. పేరులోంచి ‘ప్రైవేట్’ పోయాక బ్యాంకు, జీఎస్టీ, విద్యుత్ కనెక్షన్, లైసెన్సులన్నీ మార్పించుకోవాలి. రెండేళ్లపాటు బోర్డు మీదా బిల్లుల మీదా పాత పేరు కూడా ఉండాలి. ఇవన్నీ ఖర్చే, అయితే పెద్ద ఖర్చు కాదు.

వెనక్కి రావడం మాత్రం ఇంత సులువు కాదు. పబ్లిక్ కంపెనీ ప్రైవేటుగా మారాలంటే తీర్మానం ఒక్కటే చాలదు, ప్రభుత్వ అనుమతి కావాలి. మొదట ఈ అధికారం ట్రిబ్యునల్‌కు ఉండేది. 2018 నవంబరు ఆర్డినెన్సుతో కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది, ఇప్పుడు రీజనల్ డైరెక్టర్ చూస్తారు. తీర్మానం చేసిన 60 రోజుల్లోగా RD-1 ఫారంతో దరఖాస్తు చేయాలి. అంతకు కనీసం 21 రోజుల ముందు INC-25A ఫారం ప్రకారం ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ, ఒక ఇంగ్లీషు పత్రికలోనూ ప్రకటన వేయాలి. రుణదాతలందరికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. సమావేశంలో వ్యతిరేకించినవాళ్ల పేర్లు మినిట్స్‌లో ఉండాలి. అభ్యంతరం లేకపోతే 30 రోజుల్లో ఉత్తర్వు రావాలి, ఆ గడువులో ఏ నిర్ణయమూ రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అభ్యంతరం వస్తే విచారణ ఉంటుంది. కంపెనీల చట్టం కింద దర్యాప్తో ప్రాసిక్యూషనో పెండింగులో ఉంటే దారి మూసుకుపోతుంది.

ఈ అసమానత్వానికి కారణం ఉంది. జనం నుంచి దూరంగా జరగబోతున్న కంపెనీలో ఇరుక్కునేవాళ్లు ఎవరన్నది ముందే చూసుకోవాలని చట్టం భావించింది. మన బావ ఇక్కడ మళ్లీ గుర్తొస్తాడు. ప్రైవేటుగా మారితే తన వాటా అమ్ముకునే స్వేచ్ఛ పోతుంది, అయినా 20 శాతంతో ప్రత్యేక తీర్మానాన్ని ఆపలేడు. ఆయన పేరు మినిట్స్‌లో చేరుతుంది, అభ్యంతరం చెప్పొచ్చు, కానీ ఆయన వాటాను ఫలానా ధరకు కొనితీరాలని ఈ నిబంధన ఎక్కడా చెప్పదు. రక్షణ అంటూనే సగంలో ఆగిపోయిన రక్షణ ఇది.

రైతు విషయంలో నాకు ఇంకాస్త అనుమానం. మానవపాడు ఉన్న నడిగడ్డలో పత్తి విత్తన సాగు ఎక్కువగా కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ల చేతుల మీదుగా సాగుతుంది. విత్తన కంపెనీ ప్రైవేటుగా మారే దరఖాస్తులో రుణదాతల జాబితా ఇవ్వాలి. అందులో ఆర్గనైజరు పేరు ఉండొచ్చు. ఆర్గనైజరు దగ్గర తనకు రావాల్సిన డబ్బు ఉన్న రైతు పేరు ఉండకపోవచ్చు. చట్టం దృష్టిలో అతడు కంపెనీకి నేరుగా రుణదాత కాడు. మార్పు వల్ల కంపెనీ అప్పులూ ఒప్పందాలూ మారవని 18వ సెక్షన్ చెబుతుంది కాబట్టి నిజమైన నష్టం తక్కువేనని కొందరు అంటారు, అది సబబైన వాదనే. కాకపోతే పత్రికలో వచ్చిన ప్రకటన మీద అభ్యంతరానికి 14 రోజులే గడువు. కోతల రోజుల్లో ఆ ప్రకటన ఎవరు చదువుతారు? అంతమాత్రాన ప్రక్రియను ఇంకా బిగించమనడం కూడా ప్రమాదమే. 1956 చట్టంలో 43ఏ సెక్షన్ కింద కొంత టర్నోవర్ దాటిన ప్రైవేటు కంపెనీని చట్టమే ‘పబ్లిక్‌గా భావించేది’. ఆ పద్ధతికి 2000లో స్వస్తి పలికారు. పరిమాణాన్ని బట్టి కంపెనీ స్వభావాన్ని పైనుంచి మార్చడం కుదరదని తేలిపోయింది.

కాబట్టి మన మిల్లుకు ఇప్పటికి పబ్లిక్ కావాల్సిన అవసరం నాకు కనిపించదు. వందలాది మంది రైతులను వాటాదారులుగా చేర్చుకుని సభ్యులు 200 దాటే పరిస్థితి వస్తేనో, నిజంగా మార్కెట్లోకి వెళ్లే ఉద్దేశం ఉంటేనో ఆలోచించొచ్చు. రైతులను చేర్చుకోవడమే లక్ష్యమైతే ప్రొడ్యూసర్ కంపెనీ వేరే దారి, అందులో సభ్యుల సంఖ్యకు హద్దు లేదు, అది ఎన్నడూ పబ్లిక్ కంపెనీ కాజాలదు. మధ్యలో ఇంకో దారి కూడా ఉంది. ప్రైవేటుగా ఉంటూనే ఆర్టికల్స్‌లో మంచి మార్పులు చేసుకోవచ్చు: బావ వాటా అమ్మాలనుకుంటే రిజిస్టర్డ్ వాల్యుయర్ చెప్పిన ధరకు అన్నదమ్ములు ఇంత గడువులో కొనాలి, కొనకపోతే బయట అమ్ముకోవచ్చు అని రాసుకుంటే పబ్లిక్ కంపెనీ ఇచ్చే స్వేచ్ఛలో చాలా భాగం అక్కడే దొరుకుతుంది. ఈ నిబంధనను మామూలు ప్రత్యేక తీర్మానంతో తొలగించలేకుండా 5వ సెక్షన్ కింద గట్టి పరచుకోవచ్చు. కాకపోతే ప్రైవేటు కంపెనీలో అలా గట్టి పరచాలంటే ఇప్పుడున్న సభ్యులందరూ ఒప్పుకోవాలి. ఆ సంతకాలు దొరికేది ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్న రోజుల్లోనే.