పది లక్షల వ్యూస్ సరే... పైసలెన్ని?

యూట్యూబ్‌లో వీడియోలు పెట్టే తెలుగువారందరికీ మనవి!



వంటలు, వ్యవసాయం, మోటారు రిపేర్లు, జానపద పాటలు... మీరు ఏది తీసినా ఈ కాగితం మీకే. నిలువు షార్ట్ ఒకటి పది లక్షల వ్యూస్ దాటితే ఊరంతా మెచ్చుకుంటుంది. నెల తిరిగాక చూసుకుంటే దానికన్నా చాలా తక్కువ మంది చూసిన లాంగ్ వీడియోకే ఎక్కువ డబ్బు పడి ఉండొచ్చు. అప్పుడు ఎవరో మన సొమ్ము కాజేశారని అనుమానం వస్తుంది. నిజానికి రెండింటి డబ్బు పంచే పద్ధతులే వేరు. ఆ తేడా తెలియకుండా వచ్చే నెల షూటింగ్‌కు ఖర్చు పెట్టకండి!

లాంగ్ వీడియో: ఎవరి ప్రకటన వారిదే

మీ లాంగ్ వీడియో మీద వచ్చిన ప్రకటనల ఆదాయంలో 55 శాతం మీది, మిగతాది యూట్యూబ్‌ది. ఆ నెల మీ వీడియోల మీద 10,000 రూపాయల ప్రకటనలు నడిస్తే మీకు 5,500. పక్క ఛానెల్‌కు ఎన్ని వ్యూస్ వచ్చినా ఈ లెక్క మారదు. వీడియో 8 నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు. అంటే జనాన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టగలిగితే ఆదాయం పెరిగే దారి ఉంది.

షార్ట్: అందరి డబ్బూ ఒకే నిధిలోకి

షార్ట్స్ వేలితో పైకి తోస్తూ పోతుంటే వాటి మధ్య ప్రకటనలు వస్తాయి. ఫలానా ప్రకటన ఫలానా షార్ట్‌దని చెప్పలేం. అందుకే 2023 ఫిబ్రవరి 1 నుంచి ఆ డబ్బునంతా నెలనెలా కలిపి, దేశాలవారీగా లెక్కగట్టి పంచుతున్నారు.

లెక్క తేలిగ్గా ఉండడానికి అంకెలు మనమే అనుకుందాం. ఒక దేశంలో ఒక నెల ఆదాయానికి అర్హత ఉన్న ఛానెళ్ళ షార్ట్స్‌కు 10 కోట్ల వ్యూస్ వచ్చాయి. వాటి తాలూకు ప్రకటనల ఆదాయం 10 లక్షల రూపాయలు. ఆ 10 కోట్లలో 20 శాతం వ్యూస్ ఒక పాట వాడిన షార్ట్స్‌వి. పాట ఒకటి ఉంటే ఆ వ్యూస్ తాలూకు డబ్బులో సగం సంగీత హక్కులవాళ్ళకు పోతుంది, రెండు పాటలుంటే మూడింట రెండు వంతులు పోతుంది. ఇక్కడ ఆ వ్యూస్ తాలూకు 2 లక్షల్లో సగం, అంటే లక్ష పోయింది. ఛానెళ్ళవాళ్ళ నిధిలో 9 లక్షలు మిగిలాయి.

మీ షార్ట్స్‌కు 10 లక్షల వ్యూస్. మొత్తంలో ఒక శాతం. మీ వాటా 9,000. దానిలో 45 శాతం మీ చేతికి: 4,050 రూపాయలు.

పాట వాడితే మీ డబ్బు సగం కోసేస్తారన్న మాట మనవాళ్ళలో బాగా తిరుగుతోంది. అది నిజం కాదు. పాట కోత పడేది అందరి నిధి మీద. మీరు పాట వాడినా వాడకపోయినా మీకు 45 శాతమే. కాబట్టి ఆదాయం కోసమని షార్ట్‌లో పాట తీసేయనక్కరలేదు. అయితే నిమిషం దాటిన షార్ట్‌లో హక్కుదారు క్లెయిమ్ వేసిన పాట ఉంటే ఆ షార్ట్‌నే ఆపేస్తారు. లాంగ్ వీడియోలో అదే పాట పెడితే ప్రకటనల డబ్బు హక్కుదారుకే పోవచ్చు.

అంకెలు చూసి మోసపోకండి!

షార్ట్ కింద కనబడే వ్యూస్ వేరు, డబ్బు లెక్కలోకి వచ్చే వ్యూస్ వేరు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, వ్యూ కిందే లెక్క. ఆదాయం మాత్రం "Engaged views" మీదే. స్టూడియోలో ఆ అంకె చూసి మాట్లాడండి. సినిమా ముక్కలు ఉన్నవి ఉన్నట్టు పెట్టిన షార్ట్స్, వేరేవాళ్ళవి దించి ఎక్కించినవి ఆదాయం లెక్కలోకే రావు.

చూసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నారన్నదీ ముఖ్యమే. గుంటూరులో చూసిన వ్యూ భారత్ నిధిలో, డాలస్‌లో చూసినది అమెరికా నిధిలో లెక్కకొస్తుంది. అమెరికాలో ప్రకటనల రేట్లు మనకన్నా ఎక్కువ. అందుకే సమానంగా వ్యూస్ వచ్చిన రెండు తెలుగు ఛానెళ్ళకు సమానంగా డబ్బు రాకపోవచ్చు.

మరి ఏం తీయాలి?

2024 అక్టోబరు 15 నుంచి 3 నిమిషాల దాకా ఉన్న నిలువు, చదరపు వీడియోలు షార్ట్స్ కిందికే వస్తున్నాయి. అయితే నిధిలో వాటా వ్యూస్‌ను బట్టే గానీ నిమిషాలను బట్టి కాదు. 20 సెకన్ల షార్ట్ అయినా 3 నిమిషాలది అయినా లెక్కలో ఒక్క వ్యూనే. రోజంతా కష్టపడి తీసిన సరుకును 2 నిమిషాల 50 సెకన్ల నిలువు వీడియోగా కుదించారంటే, ఆ కష్టమంతా ఒక్క వ్యూ లెక్కలో పోసినట్టే.

పొలం మోటారు స్టార్టర్ రిపేరునే తీసుకోండి. పచ్చ బటన్ నొక్కితే స్టార్టర్ గుర్రుమని వెంటనే పడిపోతోంది. ఈ ముక్క 25 సెకన్లు. నిలువుగా తీసి షార్ట్ పెట్టండి. పెట్టె విప్పి, కాంటాక్టర్ పాయింట్లు కాలాయా, రిలే సెట్టింగ్ తప్పిందా, ఒక ఫేజు రావడం లేదా అని ఒక్కొక్కటే చూపించేది అడ్డంగా, 10 నిమిషాల పైన. మధ్య ప్రకటనను ఒక పరీక్ష అయ్యి రెండోది మొదలయ్యే చోట పెట్టండి, స్క్రూ విప్పుతుండగా కాదు. షార్ట్ వివరణలో లింకు నొక్కితే పనిచేయదు. "Related video" అన్నచోట ఆ లాంగ్ వీడియోను తగిలించండి. ఒకే రోజు షూటింగ్, రెండు వీడియోలు. షార్ట్ జనాన్ని తెస్తుంది, లాంగ్ వీడియో వాళ్ళను కూర్చోబెడుతుంది.

కొత్త ఛానెళ్ళవారు ఇంకొకటి గుర్తుంచుకోండి. ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ కావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. రెండు దారుల్లో సగం సగం నడిస్తే ఏదీ చేరరు. ఒకటి తేల్చుకోండి.

ఈ వారమే చేయండి!

• స్టూడియోలో "Earn" తెరవండి. లాంగ్ వీడియోల ఒప్పందం, షార్ట్స్ ఒప్పందం రెండూ వేర్వేరు. రెండూ ఒప్పుకున్నారా చూడండి. షార్ట్స్ ఒప్పందం ఒప్పుకోకముందు వచ్చిన వ్యూస్‌కు వాటా రాదు.

• "Revenue"లో "Watch Page ads", "Shorts Feed ads" అంకెలు మూడు నెలలవి కాగితం మీద విడివిడిగా రాయండి. పక్కన ఒక్కోదానికి పట్టిన పనిగంటలు వేయండి.

• కెమెరా కిస్తీ, ఎడిటింగ్ కుర్రాడి జీతం వంటి నెలవారీ ఖర్చులను షార్ట్స్ డబ్బు మీద పెట్టుకోకండి. మీ వ్యూస్ తగ్గకపోయినా, మిగతావాళ్ళవి పెరిగి ప్రకటనల డబ్బు అంతగా పెరగకపోతే మీ వాటా తగ్గుతుంది.

షార్ట్స్ మానమని మేం అనడం లేదు. షార్ట్స్‌ను ప్రచారం ఖాతాలో రాయండి, లాంగ్ వీడియోను సంపాదన ఖాతాలో రాయండి. అంకెలు వేసి చూశాక మీ ఛానెల్‌కు ఇది తిరగబడిందంటే, మీ అంకెలనే నమ్మండి.

చదివి దాచుకోకండి. మీ ఊళ్ళో వీడియోలు తీసే ఇంకొకరికి ఇవ్వండి!

ఇట్లు,
వీడియోలు తీసి బతికే మీ తోటివాళ్ళం