డబ్బు రాసుకుంటాం, రోజులు రాసుకోం



మొన్న సమావేశం అయ్యాక కాఫీల దగ్గర ఒక తమ్ముడు తన గోడు చెప్పుకున్నాడు. ఓనరు పని మధ్యలో మూడుసార్లు మార్పులు చెప్పాడట. చివరికి ఆలస్యమైందని బిల్లులో పెనాల్టీ కోశాడట. మాకూ ఒకసారి ఇంచుమించు అదే జరగబోయి తప్పింది. బెంగళూరులో మనవాళ్ళు చాలామంది కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాం.

మేము అన్నదమ్ములం ఇద్దరం కలిసి చేసిన పని అది. ఒక ప్రైవేటు స్కూలుకి పై అంతస్తులో ఆరు క్లాసు గదులు కట్టాలి. విలువ 60 లక్షలు. డిసెంబరు 1న మొదలుపెట్టి ఏప్రిల్ 30కి అప్పగించాలి. ఆలస్యమైతే వారానికి అర శాతం, అంటే 30 వేలు, పెనాల్టీ. జూన్‌లో స్కూలు తెరుస్తారు కాబట్టి ఓనరు గడువు దగ్గర గట్టిగా ఉన్నాడు. అందులో తప్పు లేదు.

జనవరిలో గోడలు లింటెల్ దాకా లేచాక కిటికీలు పెద్దవి చేయమన్నారు. ఫిబ్రవరి చివర, స్లాబు పడ్డాక, ఒక గదిని సైన్సు ల్యాబు చేయమన్నారు. మార్చిలో వరండాకి టైల్స్ వద్దు, గ్రానైటు కావాలన్నారు. ప్రతిసారీ ఆయన మాట ఒకటే, 'మాడి సార్, ఆమేలె నోడోణ'. మేమూ సరే అని చేసేశాం. అదనపు ఖర్చుకి ఎప్పటికప్పుడు బిల్లు పెట్టాం, ఆయన ఇచ్చేశాడు. రోజుల సంగతి మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

ఏప్రిల్ 18న వెళ్ళి ఇంకో 36 రోజులు కావాలని అడిగాం. కిటికీలకి 12, ల్యాబుకి 14, గ్రానైటుకి 10. ఆయన మా మూడు బిల్లులూ టేబుల్ మీద పెట్టి, 'వీటిలో గడువు పెరుగుతుందని ఒక్క ముక్క ఉందా? డబ్బుతో సరిపోయిందనుకున్నాం' అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. బిల్లు రాసిన చేత్తోనే ఇంకో వాక్యం రాసుంటే సరిపోయేది.

రెండు రోజులు టైమడిగి ఇంటికొచ్చాం. సైటు రిజిస్టరు, ఫోనులో తేదీలతో ఉన్న ఫోటోలు, ఆర్కిటెక్టు పంపిన కొత్త డ్రాయింగుల తేదీలు ముందేసుకుని కూర్చున్నాం. అప్పుడు మా లెక్కలోనే తప్పు కనబడింది. ఒక మార్పుకి ఎన్ని రోజులు పట్టింది అన్నది ఒక లెక్క. దానివల్ల మొత్తం పని ఎన్ని రోజులు వెనక్కి జరిగింది అన్నది వేరే లెక్క. గడువు అడగాల్సింది రెండో లెక్క మీదే.

కిటికీల విషయంలో రెండూ ఒకటే. వేసిన లింటెళ్ళు కొట్టేసి, మళ్ళీ పోసి, తడిపి ఆరేదాకా స్లాబు సెంట్రింగ్ మొదలుపెట్టలేం. 12 రోజులూ పని అంతా ఆగింది. ల్యాబు అలా కాదు. నీళ్ళ పైపులు, డ్రైనేజీ, నీళ్ళు నిలబెట్టి లీకేజీ చూడడం, అన్నీ కలిసి 14 రోజులు పట్టినా, ఆ రోజుల్లో మిగతా ఐదు గదుల్లో ప్లాస్టరింగ్ నడుస్తూనే ఉంది. మొత్తం మీద వెనక్కి పోయింది 6 రోజులే. గ్రానైటు వచ్చేలోపు గదుల్లో పెయింటింగ్ సాగింది, అక్కడ 4. మొత్తం 22 రోజులు.

ఇంకొకటి కూడా కనబడింది. సంక్రాంతికి ఊరెళ్ళిన మేస్త్రీలు ఐదు రోజులు ఆలస్యంగా వచ్చారు. అది మా తప్పు. దాన్ని మార్పుల కింద కలిపేయొచ్చు కదా అని ఒక్క క్షణం అనిపించింది. కలపలేదు. ఆ ఐదు రోజులూ అదనపు మనుషుల్ని పెట్టి మేమే సరిచేసుకుంటామని కాగితం మీద రాసే తీసుకెళ్ళాం. ఓనరు ధోరణి మారింది ఆ లైను చదివాకే అని మా నమ్మకం. 36 అడిగినప్పుడు ప్రతి రోజుకీ సంజాయిషీ అడిగిన మనిషి, 22 దగ్గర ఒక్క రోజుకీ బేరం ఆడలేదు.

ఆయనకి వేరే అవసరం ఉంది. అడ్మిషన్లకి వచ్చే తల్లిదండ్రులకి గదులు చూపించాలి. అందుకని ఐదు గదులు మే 10కి, ల్యాబూ వరండా మే 22కి ఇచ్చేట్టు ఒప్పుకున్నాం. ఆ 22 రోజులకి మా సూపర్‌వైజరు జీతం, సెంట్రింగ్ సామాను అద్దె అడగం అన్నాం. మే 22 దాకా పెనాల్టీ లేదని ఆయన అన్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదే.

ఇక కాగితం. స్కూలు మేనేజరు రాసిచ్చిన ఉత్తరంలో 'గడువు మే 22 వరకు పొడిగించడమైనది' అని ఒక్క వాక్యమే ఉంది. అది చాలదు. రేపు ఫైనల్ బిల్లు చూసే అకౌంటెంటు ఆ గదిలో లేడు, అతనికి పాత ఒప్పందమే కనబడుతుంది. అందుకే ఓనరుతో మాట్లాడి ఒక పేజీలో ఇవి రాయించాం: మూడు మార్పులు, ఒక్కోదాని డ్రాయింగు నంబరు, తేదీ; ఒక్కోదానికి ఒప్పుకున్న డబ్బు, రోజులు; రెండు విడతల అప్పగింత తేదీలు; ఏప్రిల్ 30 నుంచి మే 22 వరకు పెనాల్టీ ఉండదన్న మాట; అదనపు అద్దెలు మేము అడగమన్న మాట; ముందుగా ఇచ్చే గదులకి రిపేరు గ్యారంటీ కాలం వాటిని అప్పగించిన రోజు నుంచే మొదలవుతుందని; మిగతా షరతులన్నీ పాతవే అని. ఓనరూ మేమూ సంతకాలు పెట్టాం. ఆర్కిటెక్టు సంతకం ఒక్కటే సరిపోదు. మార్పు చెప్పేది ఆయనైనా, గడువు పెంచే హక్కు ఒప్పందంలో ఎవరికిచ్చారో వాళ్ళే పెట్టాలి.

చట్టం మనకి కొంత అండగా ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం 63వ సెక్షను ప్రకారం పని చేయించుకునేవాడు గడువు పెంచవచ్చు. 55వ సెక్షను ప్రకారం, ఆలస్యమైన పనిని ఒప్పుకుని తీసుకునేటప్పుడు నష్టపరిహారం అడుగుతానని చెప్పకపోతే తర్వాత అడగడం కుదరదు. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మార్పు చెప్పిన ఇన్ని రోజుల్లోపు గడువు అడగాలని చాలా ఒప్పందాల్లో షరతు ఉంటుంది. సంతకం పెట్టకముందే ఆ షరతు వెతికి చూసుకోవాలి.

మన పెద్దలు కొందరు అంటారు, 'మాట మీద నడిచినవాళ్ళం, ప్రతిదానికీ కాగితం అడిగితే ఓనరు నొచ్చుకుంటాడు' అని. మా అనుభవం వేరు. ఆయన నొచ్చుకున్నది కాగితం అడిగినందుకు కాదు, ఏప్రిల్ దాకా అడగనందుకు. జనవరిలోనే '12 రోజులు పెరుగుతాయి' అని తెలిసుంటే, కిటికీలు పెద్దవి కావాలో వద్దో ఆయనే ఆలోచించుకునేవాడు. ఆ అవకాశం మేము ఇవ్వలేదు.

ఇప్పుడు మేము చేసేది ఇదే. మార్పు చెప్పిన సాయంత్రమే మెయిలు పంపుతాం. ఈరోజు చెప్పిన మార్పు ఇది, ఇంత డబ్బు, ఇన్ని రోజులు, కొత్త గడువు ఫలానా తేదీ, ఒప్పుకుంటే జవాబివ్వండి, వచ్చాక మొదలుపెడతాం అని. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. మరుసటి రోజు ఫోను చేసి గుర్తుచేస్తాం, ఆ గోడ జోలికి మాత్రం పోము.

మే 22న ల్యాబు తాళాలు ఇచ్చాం. ఫైనల్ బిల్లులో అకౌంటెంటు మూడు వారాలకి 90 వేలు కోతపెట్టి పంపాడు. ఆ ఒక్క పేజీ చూపించాం. సాయంత్రానికి కోత తీసేశారు.